కొత్త కంపెనీ పాలసీలో ఇంట్లోవాళ్లకు వెయిటింగ్ పీరియడ్: ఎత్తేయమని ఎలా అడగాలి?

*ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హన్మకొండ. హైదరాబాద్‌లో మూడేళ్లు పనిచేసి, 21 రోజుల కింద మడికొండలో ఒక చిన్న కంపెనీలో చేరాను. మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్లున్నాయని ఏడు నెలల కింద స్కాన్‌లో తేలింది. ఆపరేషన్ చేయించుకోమన్నారు. పెళ్లయినప్పటి నుంచి, అంటే 26 నెలలు, తను నా పాత కంపెనీ పాలసీలో ఉంది. రెండు ఉద్యోగాల మధ్య 12 రోజులు ఖాళీ వచ్చింది. అమ్మకు ఆరేళ్లుగా షుగర్, బీపీ. అమ్మ పాత పాలసీలో లేదు. కొత్త కంపెనీలో తల్లిదండ్రులను చేర్చుకోవచ్చట, నేనింకా ఫారం ఇవ్వలేదు. రాళ్లకు రెండేళ్లు, షుగర్‌కు మూడేళ్లు ఆగాలని హెచ్ఆర్ అంటున్నారు. దాన్ని ఎత్తేయమని అడగొచ్చా? ఎవరిని అడగాలి, ఏమని రాయాలి?*

అడగొచ్చు. అయితే అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. అమ్మ పేరు నింపిన ఫారం రేపే ఇచ్చేయండి. చాలా గ్రూపు పాలసీల్లో కొత్తగా చేరిన ఉద్యోగి తన కుటుంబం పేర్లను చేరిన 30 రోజుల్లోపు ఇవ్వాలి. గడువు దాటితే మళ్లీ రెన్యువల్ దాకా తలుపు మూసుకున్నట్టే. మధ్యలో కొత్తగా పెళ్లయితే భార్యనో భర్తనో, బిడ్డ పుడితే బిడ్డనో చేర్చుకుంటారు గానీ అమ్మానాన్నలను చేర్చుకోరు. వెయిటింగ్ పీరియడ్ సంగతి తేలాక పేరు ఇద్దామని ఆగి, రెండూ పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. పేరు పాలసీలోకి ఎక్కనిదే ఎత్తేయడానికి ఏమీ ఉండదు. ఫారంలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. షుగర్, బీపీ ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే రాయండి.

ఇక అసలు విషయం. వెయిటింగ్ పీరియడ్ అని మనం ఒకే మాట వాడతాం గానీ పాలసీ కాగితంలో అవి మూడు. ఏ కంపెనీ పాలసీలోనైనా ఒకే గుర్తులతో కనిపించేలా బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాటికి కోడ్‌లు ఇచ్చింది. ముందే ఉన్న జబ్బులకు ఆగాల్సిన కాలం Excl01. పేర్లు పెట్టి రాసిన కొన్ని జబ్బులకు, ఆపరేషన్లకు ఆగాల్సిన కాలం Excl02. పిత్తాశయంలో రాళ్లు, కంటి శుక్లం, హెర్నియా, మోకీలు మార్పిడి లాంటివి సాధారణంగా ఈ జాబితాలో ఉంటాయి. ప్రమాదం తప్ప మరే జబ్బుకూ మొదటి 30 రోజులు డబ్బు ఇవ్వకపోవడం Excl03. మీ హెచ్ఆర్ చెప్పిన మూడేళ్లు మొదటి కోడ్‌కి, రెండేళ్లు రెండో కోడ్‌కి చెందినవి. 2024 ఏప్రిల్ నుంచి మొదటిదానికి 36 నెలలకు మించి పెట్టకూడదు. అంతకుముందు 48 నెలల వరకు ఉండేది.

ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోమని ఎందుకంటున్నానంటే, Excl02 షరతులోనే ఒక వాక్యం ఉంటుంది. ఏదైనా జబ్బు ఈ జాబితాలోనూ ఉండి, ముందే ఉన్న జబ్బు కిందికీ వస్తే, రెండు గడువుల్లో ఏది పొడుగైతే అదే వర్తిస్తుంది. మీ ఆవిడ కేసు సరిగ్గా ఇదే. కొత్త పాలసీ తేదీ నుంచి చూస్తే ఏడు నెలల కిందటి స్కాన్ ముందే ఉన్న జబ్బుకు సాక్ష్యం. కాబట్టి రాళ్లకున్న రెండేళ్లు మాత్రం ఎత్తేయించుకుంటే మూడేళ్లది అలాగే మిగిలిపోతుంది. ఆ సంగతి ఆపరేషన్ రోజు ఆసుపత్రి కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

నేను హన్మకొండలో ఒక కంపెనీలో చాలా ఏళ్లు హెచ్ఆర్ పని చూశాను. అప్పట్లో మా దగ్గర చేరిన ఒక అబ్బాయి వాళ్లమ్మ కంటికి శుక్లం వచ్చింది. వెయిటింగ్ పీరియడ్ ఎత్తేయమని బ్రోకర్‌కి మెయిల్ రాస్తే, నాలుగు రోజులకు ‘వెయిటింగ్ పీరియడ్ వేవ్ చేశాం’ అని ఒక లైను జవాబు వచ్చింది. నేను ఆ లైను చూసి, ఇంక టెన్షన్ లేదు, ఆపరేషన్ చేయించుకో అని చెప్పాను. పొద్దున పరగడుపున ఆవిడను తీసుకెళ్లారు. ఆపరేషన్ గౌను కూడా వేశారు. అప్పుడు బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏ నుంచి తిరస్కరణ వచ్చింది, కారణం దగ్గర Excl02 అని ఉంది. పాలసీలో చేసిన మార్పును రాసిచ్చే ఎండార్స్‌మెంట్ కాగితం తెప్పించి చూస్తే అందులో ఎత్తేసింది 30 రోజుల గడువు ఒక్కటే. మెయిల్లో అన్న ‘వెయిటింగ్ పీరియడ్’ అదన్నమాట. ఆ అబ్బాయి కౌంటర్ ముందు నిలబడి, బావకొకసారి, దోస్తుకొకసారి ఫోన్ చేసి 38 వేలు జమచేసుకున్నాడు. తప్పు నాది, కాగితం చదవకుండా మాట ఇచ్చాను. ఆ తర్వాత కోడ్‌లు రాయకుండా ఎవరికీ మెయిల్ పంపలేదు.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి విడిగా, అమ్మ సంగతి విడిగా చూద్దాం. ఇద్దరికీ అడగాల్సింది ఒకటి కాదు.

మీ ఆవిడకు ‘ఎత్తేయండి’ అనే ముందు ‘పాత కవర్‌ను లెక్కలో వేయండి’ అని అడగండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిది బీమా కంపెనీని దయ చూపమనడం. రెండోది తను ఇప్పటికే ఆగిన కాలాన్ని గుర్తించమనడం. మధ్యలో తెగకుండా కవర్ ఉన్నవాళ్లకు ఆ మేరకు గడువు తగ్గుతుందని Excl01, Excl02 షరతుల్లోనే రాసి ఉంటుంది. పన్నెండు నెలలకు మించి తెగకుండా కవర్ ఉంటే 30 రోజుల గడువు వర్తించదని Excl03లో ఉంటుంది. అయితే ఒక కంపెనీ గ్రూపు పాలసీ నుంచి ఇంకో కంపెనీ గ్రూపు పాలసీకి వచ్చినప్పుడు ఈ లెక్క దానంతట అది రాదు. పాలసీ యజమాని మీరు కాదు, కంపెనీ. అందుకే కంపెనీ అడిగి రాయించుకోవాలి.

లెక్క వేసి చూస్తే ఎంత మారుతుందో చూడండి. పాత కవర్‌ను గుర్తిస్తే మీ ఆవిడకు బీమా మొదలైన తేదీ 26 నెలల వెనక్కి, అంటే మీ పెళ్లి నాటికి వెళ్తుంది. స్కాన్ తీసింది ఏడు నెలల కింద. అంటే బీమా మొదలైన ఏడాదిన్నర తర్వాత రాళ్లు బయటపడ్డాయి. అప్పుడవి ముందే ఉన్న జబ్బు కావు, మూడేళ్ల గడువు అసలు వర్తించదు. ఇక మిగిలేది జాబితాలో ఉన్న రెండేళ్లు, 24 నెలలు. తను 26 నెలలు పూర్తి చేసింది. అదీ అయిపోయింది. పాత కవర్‌ను గుర్తించకపోతే ఇదే మనిషి, ఇదే రాయి, ఇంకా 36 నెలలు ఆగాలి. అంతా ఆ ఒక్క తేదీ మీద ఆధారపడి ఉంది.

అడ్డం వచ్చేది ఆ 12 రోజుల ఖాళీ. దాన్ని దాచకండి. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్‌లో, కొత్త కంపెనీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో తేదీలు ఎలాగూ ఉన్నాయి. మీరే ముందుగా చెప్పి, ఈ 12 రోజులను తెగినట్టు లెక్కించవద్దని అడగండి. ఉద్యోగం మారేటప్పుడు పది పన్నెండు రోజులు ఖాళీ రావడం బీమా కంపెనీలో రిస్కు చూసి నిర్ణయించే అండర్‌రైటర్లకు తెలియని విషయం కాదు. మూడు నాలుగు నెలలైతే ఒప్పించడం కష్టమయ్యేది.

దీనికి ఆధారం కావాలి, ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి. మీ ఆవిడ పేరు, కవర్ మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉన్న లెటర్ ఇవ్వమని పాత కంపెనీ హెచ్ఆర్‌కి మెయిల్ చేయండి. గ్రూపు పాలసీలో ఉన్నవాళ్లకు సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అని ఒక కాగితం ఇస్తారు. మీ పాత మెయిల్లో వెతికితే రెండేళ్లవీ దొరకొచ్చు. ఈ-కార్డు ఒక్కటే ఉంటే చాలదు, చాలా కార్డుల మీద ఆ ఏడాది తేదీలే ఉంటాయి, మొదటి తేదీ ఉండదు. మీకు పెళ్లి నాటి తేదీ కావాలి. పాత కంపెనీ మధ్యలో బీమా కంపెనీని మార్చి ఉంటే రెండు సర్టిఫికెట్లూ తీసుకోండి.

అమ్మకు ఈ దారి లేదు. పాత పాలసీలో తను లేదు, షుగర్ ఆరేళ్లుగా ఉంది, మందులు వాడుతోంది. తనకు నేరుగా మాఫీనే అడగాలి. ఇక్కడ ముఖ్యమైంది Excl01. ఆ షరతు జబ్బుకే కాదు, ఆ జబ్బు వల్ల నేరుగా వచ్చే ఇబ్బందులకూ వర్తిస్తుంది. షుగర్ ఉన్న మనిషికి కాలి పుండు తగ్గక చేర్చినా, కిడ్నీ ఇబ్బంది వచ్చినా, ఇది షుగర్ వల్లే కదా అని టీపీఏ అడుగుతుంది. అందుకే అమ్మకు ఈ ఒక్క కోడ్ ఎత్తేయించుకోగలిగినా పాలసీ పనికొస్తుంది. మూడూ అడగండి. రెండు ఒప్పుకుని ఒకటి కాదన్నా, ఆ ఒకటి ఇది కాకుండా చూసుకోండి.

బీమా కంపెనీ ఎందుకు వెనకాడుతుందో తెలిస్తే ఎలా అడగాలో తెలుస్తుంది. ఒక ఉద్యోగి చేరి, మూడు వారాల్లో తన ఇంట్లోవాళ్లకు మాత్రమే గడువు ఎత్తేయమంటే, ఆపరేషన్ కోసమే చేరాడా అని అండర్‌రైటర్‌కి అనుమానం వస్తుంది. అదే కంపెనీ తరఫున ‘ఇకపై చేరే ఉద్యోగులందరి కుటుంబాలకూ’ అని అడిగితే ఆ అనుమానానికి చోటుండదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ అందులో ఉంటారు గనక. అలా అందరికీ రాసిన షరతు దొరకడం సులువు, తర్వాత దాన్ని ప్రశ్నించడం కష్టం. చిన్న కంపెనీ కాబట్టి అదనపు ప్రీమియం అడుగుతారు. మీలాంటి అవసరం ఆఫీసులో ఇంకో ఇద్దరికి ఉండే ఉంటుంది, వాళ్లతో మాట్లాడి కలిసి హెచ్ఆర్ దగ్గరికి వెళ్లండి.

ఇంకో మాట. హెచ్ఆర్ చెప్పిన రెండేళ్లు, మూడేళ్లు పాలసీ చూసి చెప్పారా, విని చెప్పారా అన్నది తేల్చుకోండి. పాలసీతో పాటు స్పెషల్ కండిషన్స్ అనో, బెనిఫిట్స్ అనో ఒక పేజీ ఉంటుంది. ముందు పేజీల్లో మామూలు షరతులన్నీ అచ్చై ఉంటాయి, ఈ పేజీలో వాటిని సవరిస్తారు. ఈ మూడు గడువులూ మొదటి రోజు నుంచే లేవని అక్కడ రాసి ఉన్న కంపెనీలు తక్కువేం కాదు. కొన్నిచోట్ల ఉద్యోగికి, భార్యాపిల్లలకు ఎత్తేసి తల్లిదండ్రులకు ఉంచుతారు. ఆ పేజీ కాపీ మెయిల్లో అడగండి. అది చూడకముందు ఏమీ రాయకండి.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే పంపాలి, ఎందుకంటే హెచ్ఆర్ దాన్ని అలాగే బ్రోకర్‌కి పంపుతారు. విషయం మాత్రం ఇదీ:

“నేను ఫలానా తేదీన చేరాను. నా భార్య నా పాత కంపెనీ గ్రూపు పాలసీలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, 26 నెలలు, కవర్‌లో ఉంది. ఆధారాలు జతచేశాను. ఆ తర్వాత 12 రోజుల విరామం ఉంది. దాన్ని కవర్ తెగినట్టు లెక్కించకుండా, Excl01, Excl02, Excl03 మూడింటికీ ఆ 26 నెలలను పరిగణించి, కవర్ మొదలైన తేదీగా పాత పాలసీ మొదటి తేదీని నమోదు చేయాలని కోరుతున్నాను. ఏడు నెలల కింద స్కాన్‌లో తనకు పిత్తాశయంలో రాళ్లు ఉన్నట్టు తెలిసింది. మా అమ్మకు ఆరేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. ఆమెకు Excl01, Excl02, Excl03 ఎత్తేయడానికి బీమా కంపెనీ ఒప్పుకుంటుందా, అదనపు ప్రీమియం ఎంత, కో-పే ఏమైనా ఉంటుందా తెలియజేయగలరు. ఒప్పుకుంటే ఎండార్స్‌మెంట్ కాపీ ఇప్పించగలరు.”

జబ్బుల పేర్లు రాయడానికి మనసొప్పకపోవచ్చు. చిన్న ఆఫీసులో మాట పాకుతుంది, నాకూ తెలుసు. మెయిల్ హెచ్ఆర్ ఒక్కరికే పెట్టండి, మేనేజర్‌ని కాపీలో పెట్టకండి. రిపోర్టులు నేరుగా బ్రోకర్‌కి పంపుతానని చెప్పండి. కానీ జబ్బు దాచి తెచ్చుకున్న మాఫీ నిలబడదు. ఆపరేషన్‌కి చేరినప్పుడు ఆసుపత్రి కేస్ షీట్‌లో డాక్టర్ మొదటి లైన్లోనే ఏడు నెలలుగా రాళ్లు ఉన్నట్టు రాస్తారు, టీపీఏ మొదటి స్కాన్ రిపోర్టు అడుగుతుంది. తేదీ మార్చి రాయమని డాక్టర్‌ను అడగమనే సలహాలు వస్తాయి, వాటి జోలికి పోకండి. మీ విషయంలో ఆ స్కాన్ తేదీ మీకు సాయం చేసేదే. పాత పాలసీ నడుస్తుండగా రాళ్లు బయటపడ్డాయని చెప్పేది ఆ కాగితమే.

డబ్బు సంగతి. ఉదాహరణకు తల్లిదండ్రుల్లో ఒకరికి ఏడాది ప్రీమియం 14,600 అనుకుందాం, రోజుకు 40 రూపాయలు. పాలసీ ముగియడానికి 200 రోజులుంటే మీ వాటా 8,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,440. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తీసేశారు గానీ గ్రూపు పాలసీలకు తీసేయలేదు. మాఫీకి ఇంకో 20 శాతం అదనంగా అడిగారనుకుంటే 1,600, దాని జీఎస్టీ 288. మొత్తం 11,328 అవుతుంది. కొన్నిసార్లు అదనపు ప్రీమియం బదులు అమ్మకు కో-పే పెడతామంటారు. పది శాతం కో-పే అంటే లక్షా ఇరవై వేల బిల్లులో 12 వేలు మీరు కట్టుకోవాలి. షుగర్ ఉన్న తల్లికి ఈ రెంటిలో ఏది పెట్టినా నేను ఒప్పుకోమంటాను. గడువు మిగిలి ఉంటే మొత్తం లక్షా ఇరవై వేలూ మీదే.

బీమా కంపెనీ సరేనన్నాక కూడా ఒక మెట్టు ఉంది. 1938 బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం అందకుండా బీమా కంపెనీ రిస్కు తీసుకోకూడదు. గ్రూపు పాలసీకి మీ కంపెనీ బీమా కంపెనీ దగ్గర కొంత డబ్బు డిపాజిట్ ఉంచుతుంది, దాన్ని సీడీ బ్యాలెన్స్ అంటారు. కొత్త పేర్లకు, కొత్త షరతులకు ప్రీమియం అందులోంచే పోతుంది. అది ఖాళీగా ఉంటే ఎండార్స్‌మెంట్ వెలువడదు, మీ జీతంలో కట్ చేసినా సరే. సీడీ బ్యాలెన్స్ ఉందా అని హెచ్ఆర్‌ని అడగండి. అడిగే ఉద్యోగులు తక్కువ గానీ అడగడంలో తప్పేం లేదు.

ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాక నాలుగు చూడండి: మీ ఆవిడ, అమ్మ పేర్లు, కోడ్‌లు, అమల్లోకి వచ్చిన తేదీ, మీ ఆవిడ కవర్ మొదలైన తేదీ. మామూలుగా ఇది వెనక తేదీకి వర్తించదు, ముందు జరిగిన చికిత్సకు పనికిరాదు. తర్వాత అదే కాగితం టీపీఏకి చేరిందో లేదో మెయిల్లో అడిగి జవాబు తీసుకోండి. ఆసుపత్రికి జవాబిచ్చేది టీపీఏ, వాళ్ల కంప్యూటర్‌లో పాత షరతే ఉంటే మళ్లీ తిరస్కరణే. ఆపరేషన్ ముందే అనుకున్నది కాబట్టి తేదీకి కొన్ని రోజుల ముందే ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి ప్రీ-ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి కోసం అభ్యర్థన పంపించండి. క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలో నిర్ణయం చెప్పాలని ఐఆర్‌డీఏఐ నిబంధన. ఆ రోజు పొద్దున మాత్రం పెట్టుకోకండి.

కాదంటే? కారణం రాతపూర్వకంగా తీసుకోండి, పాలసీ రెన్యువల్ తేదీ కనుక్కోండి. మధ్యలో ఒప్పుకోనివాళ్లు రెన్యువల్‌లో ఒప్పుకోవడం మామూలే, అప్పుడు కంపెనీ చేతిలో బేరం ఉంటుంది. దానికి నెలన్నర రెండు నెలల ముందే హెచ్ఆర్‌కి గుర్తుచేయండి. మాఫీ ఇవ్వకపోవడం మీద ఫిర్యాదు నిలవదు, అది వాళ్ల ఇష్టం. కానీ పాత కవర్‌ను గుర్తిస్తామని రాసిచ్చి క్లెయిమ్ తిరస్కరిస్తే నిలుస్తుంది. ముందు బీమా కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, తర్వాత bimabharosa.irdai.gov.in లో, అప్పటికీ కాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. గ్రూపు పాలసీలో ఉన్నవాళ్ల ఫిర్యాదులూ అక్కడ తీసుకుంటారు, ఫీజు లేదు.

ఈ కాగితాల పనికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. అన్ని రోజులు ఆగొచ్చా అన్నది మీ ఆవిడను చూసిన సర్జన్‌నే అడగండి. ఈలోగా కుడివైపు డొక్కలో నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా, చలితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే తీసుకెళ్లండి. ఎమర్జెన్సీ అయినంత మాత్రాన గడువు పోదు, ఆ మినహాయింపు ప్రమాదాలకే. ఖర్చు భయమైతే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో జనరల్ సర్జరీ విభాగం ఉంది. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కౌంటర్‌లోనూ అడగండి. ఎక్కడ చేర్చినా బిల్లులు, రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ ఒరిజినల్స్ పారేయకండి. అప్పటికే ఎండార్స్‌మెంట్ అమల్లోకి వచ్చి, కాపీ మాత్రమే చేరనిదైతే, ఆ కాగితాలతోనే రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవచ్చు.